మన కంచం - మన లెక్క

(తిరుపతిలో జరిగిన విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్యార్థి ఎన్నికల్లో నిలబడ్డవాడు క్లాసులోకి ఎట్లా వస్తాడో మనందరికీ తెలుసు. వెనక పదిమంది, ముందు ఇద్దరు. బ్లాక్ బోర్డు దగ్గర నిలబడి గొంతు సవరించుకుంటాడు. "నా పేరు ఫలానా. నేను ఫలానా పదవికి పోటీ చేస్తున్నాను. విద్యార్థుల సమస్యలపై నిరంతరం పోరాడుతాను. మీ అమూల్యమైన ఓటు వేసి అత్యధిక మెజారిటీతో గెలిపించాలని కోరుతున్నాను" అంటాడు. వెనకున్న పదిమంది చప్పట్లు కొడతారు. పోతారు. అయిదు నిమిషాల తర్వాత ఇంకొకడు వచ్చి అవే మాటలు చెబుతాడు, పేరొక్కటే తేడా.

ఇద్దరూ ఒకటే చెప్పినప్పుడు బెంచీ మీద కూర్చున్నవాడు దేన్ని బట్టి ఓటెయ్యాలి? వాడిది ఏ కులం, వీడిది ఏ ఊరు, ఎవడు బిర్యానీ పెట్టించాడు, ఎవడి వెనక ఏ పెద్దమనిషి ఉన్నాడు అని చూస్తాడు. కులం చూసి ఓటేశారని తర్వాత మనం తిట్టుకుంటాం గానీ, వాళ్లు చూడదగ్గది మనం ఇంకేమిచ్చాం? ఖాళీగా వదిలిన చోటును కులమూ డబ్బూ వచ్చి నింపుతాయి. ఈ రోజు మేము మాట్లాడదలచుకున్నది ఆ రెండు నిమిషాల గురించే.

మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు 1980ల చివర్లో ఆగిపోయాయి. 1954లో పుట్టిన మన శ్రీవెంకటేశ్వర విశ్వవిద్యాలయం ఒకప్పుడు ఆ ఎన్నికలతో అట్టుడికిన చోటే. ఇప్పుడు క్యాంపస్‌లో ఉన్నవాళ్లకు ఎన్నిక అంటే సినిమాలో చూసిందే. జీపులు, హాకీ స్టిక్కులు, స్లో మోషన్‌లో హీరో నడక. కానీ హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. మన కాలేజీల్లో క్లాసు ప్రతినిధులనో, డిపార్ట్‌మెంట్ అసోసియేషన్ కార్యదర్శినో, హాస్టల్ మెస్ సెక్రటరీనో ఎన్నుకునే పద్ధతి అక్కడక్కడా మిగిలే ఉంది. అది చిన్న ఎన్నికే కావొచ్చు, అక్కడ కూడా ముందు నిలబడి నోరు తెరవాల్సిందే.

రూల్స్ సంగతి కూడా కాస్త చెప్పుకోవాలి. మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ లింగ్డో నాయకత్వంలోని కమిటీ విద్యార్థి ఎన్నికలపై చేసిన సిఫార్సులను అమలు చెయ్యమని సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరులో ఆదేశించింది. వాటి ప్రకారం ఒక అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. అచ్చేసిన పోస్టరు, అచ్చేసిన కరపత్రం నిషేధం. చేత్తో రాసిన పోస్టర్లే, అదీ కాలేజీ వాళ్లు చూపించిన చోటే అంటించాలి. ప్రచారానికి మైకుల్లేవు, బండ్లు లేవు. నామినేషన్ మొదలు ఫలితాల దాకా మొత్తం పది రోజుల్లో అయిపోవాలి. ఈ రూల్స్ మీద మాకు వేరే ఫిర్యాదులున్నాయి, ముఖ్యంగా ఆఫీస్ బేరర్ పదవికి జీవితంలో ఒక్కసారే పోటీ చెయ్యాలన్నది. అయితే ఇవి డబ్బులేని అభ్యర్థికి చేసిన మేలు ఒకటుంది. ఫ్లెక్సీ లేదు, మైకు లేదు, కారు లేదు. ఇక మిగిలింది నోరు, ఒక చార్టు కాగితం, ఒక స్కెచ్ పెన్ను. చార్టు మీద పెద్ద అక్షరాలతో నాలుగు మాటలే పడతాయి. ఆ నాలుగు మాటలేవో తేల్చుకున్నవాడిదే పైచేయి.

మన కళ్లముందు జరిగిన పెద్ద ఎన్నిక ఒకదాన్ని చూద్దాం. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు తెలుగుదేశం పెట్టాడు. తొమ్మిది నెలల్లో, 1983 జనవరిలో ఎన్నికలు. ఆయన గుడివాడతో పాటు మన తిరుపతి నుంచి కూడా పోటీ చేసి రెండు చోట్లా గెలిచాడు. ఆయన సినిమా గ్లామరు గురించి, చైతన్యరథం గురించి బోలెడు రాశారు. మేము చూడమనేది ఒక్క వాక్యం: కిలో బియ్యం రెండు రూపాయలు. అందులో వస్తువుంది, తూకముంది, ధర ఉంది. చదువురాని తల్లి కూడా రేషన్ షాపు ముందు నిలబడి, మాట నిలబెట్టుకున్నాడా లేదా అని చేతిలో చిల్లర చూసి తేల్చుకోగలదు. పేదరికాన్ని రూపుమాపుతాం అంటే అది ఎప్పుడు అయినట్టో ఎవడు చెప్పగలడు?

ఈ కథలో అంతకంటే ముఖ్యమైన ముక్క ఇంకొకటుంది, చాలామంది మరిచిపోయారు. అప్పుడు ముఖ్యమంత్రిగా ఉన్నది మన సీమ మనిషే, కర్నూలు కోట్ల విజయభాస్కరరెడ్డి. ఎన్నికల ముందు ఆయన ప్రభుత్వం కిలో బియ్యం రూపాయి తొంభై పైసలకే ఇస్తామంది. పది పైసలు తక్కువ! లెక్క ప్రకారం ఆయనదే మంచి బేరం. అయినా ఓడిపోయారు. ఓటమికి వేరే కారణాలు చాలా ఉన్నాయి, బియ్యమొక్కటే కాదు. కానీ "రెండు రూపాయల బియ్యం" అనే మాట అప్పటికే ఒకరి సొంతమైపోయింది. రూపాయి తొంభై అన్నప్పుడల్లా జనానికి రెండు రూపాయలే గుర్తొచ్చింది, ఆ రెండు రూపాయలన్న మనిషే గుర్తొచ్చాడు. మీకు ఎదురు నిలబడ్డవాడు మీ హామీనే కొంచెం పెంచి చెబితే కంగారు పడి మీరూ పెంచబోకండి. మీ మాటను మీరు పట్టుకుని ఉంటే వాడు మీకే ప్రచారం చేసిపెడుతున్నాడని అర్థం.

ఇదే తిరుపతిలో 2008 ఆగస్టులో ఇంకో సినిమా నటుడు పార్టీ పెట్టాడు. చిరంజీవి. జనం విరగబడి వచ్చారు. 2009లో ఇక్కడి నుంచే గెలిచాడు. పార్టీకి మాత్రం 294లో 18 సీట్లు. ఆ పార్టీ మాట "సామాజిక న్యాయం". గొప్ప మాటే, ఎవరూ కాదనలేరు. కాదనలేని మాటతోనే చిక్కు. కాంగ్రెసువాడూ మాది అదే అన్నాడు, తెలుగుదేశం వాడూ మాది అదే అన్నాడు. రేషన్ షాపు ముందు నిలబడి పరీక్షించి చూసే వీలు అందులో లేదు.

ఇప్పుడు హాస్టలుకు వద్దాం. మెస్ సెక్రటరీ పదవికో, విద్యార్థి కౌన్సిలుకో ఒక అమ్మాయి పోటీ చేస్తోందనుకోండి. పలమనేరు దగ్గర పల్లె. వాళ్ల నాయన రెండు ఆవులు పెట్టుకుని డైరీకి పాలు పోస్తాడు. హాస్టల్లో అందరికీ ఉన్న బాధ మెస్ బిల్లు. ఈ అమ్మాయి ఏం హామీ ఇవ్వాలి?

నోటికి ముందొచ్చేది "మెస్ బిల్లు తగ్గిస్తా". అది చెప్పకూడదు. మీలో చాలామంది ఉండేది డివైడింగ్ మెస్సుల్లోనే కదా. నెల ఖర్చంతా కూడి, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తారు. ఉదాహరణకు ఆ నెల ఖర్చు 4,20,000 రూపాయలు. 200 మంది తలా సగటున 28 రోజులు తిన్నారు, అంటే 5,600 రోజులు. రోజుకు 75 రూపాయలు. 26 రోజులు తిన్న పిల్లకు 1,950 బిల్లు పడుతుంది. బియ్యం ధర, గ్యాసు ధర, ఉల్లిగడ్డ ధర ఈ అమ్మాయి చేతిలో లేవు. తగ్గిస్తానని గెలిచి, వచ్చే నెల టమాటా ధర పెరిగి బిల్లు ఎనభై అయితే ఆమె అబద్ధాలకోరు అవుతుంది, తప్పేమీ చెయ్యకుండానే.

మరి బిల్లు మీద అనుమానం ఎందుకొస్తుంది? డెబ్బై అయిదు ఎక్కువనో తక్కువనో కాదు. ఆ డెబ్బై అయిదు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ చూపించరు గనక. నెలాఖరున స్టోరులో మిగిలిన పప్పు, నూనె వచ్చే నెల లెక్కలో కలిశాయా? గెస్టులు తిన్నది ఎవరి ఖాతాలో పడింది? కూరగాయల చీటీలు ఉన్నాయా, నోటి లెక్కేనా? మెస్సుల్లో జరిగే గోల్‌మాల్ చాలావరకు ఈ మూడు సందుల్లోంచే పోతుంది. అందుకని హామీ ఇట్లా ఉండాలి: ప్రతి నెలా 5వ తేదీ లోపల మొత్తం ఖర్చు, తిన్న రోజులు, మిగిలిన సరుకు, గెస్టుల లెక్క, ఈ నాలుగు అంకెలు మెస్ తలుపు మీద అంటిస్తాను. ఆ తలుపు అందరూ రోజుకు మూడుసార్లు దాటేదే. తేదీ ఉంది, చోటుంది, అంకెలున్నాయి. 6వ తేదీ పొద్దున ఇడ్లీకి వచ్చినవాళ్లు తలుపు చూస్తే చాలు, మాట నిలబడిందో లేదో తెలిసిపోతుంది.

ఇంత చిన్న హామీనా అని మీలో కొందరు మొహాలు చిట్లిస్తున్నారు. ఉద్యమాల్లో తిరిగినవాళ్లకు ఇది ఆనదు, మాకు తెలుసు. స్కాలర్‌షిప్పులు పెంచాలి, ఖాళీ పోస్టులు నింపాలి, అవన్నీ నిజమైన డిమాండ్లే. వాటి కోసం రోడ్డెక్కుదాం. కానీ డిమాండు వేరు, హామీ వేరు. డిమాండు తీర్చాల్సింది సర్కారు. హామీ తీర్చాల్సింది మీరు. సచివాలయంలో సంతకం కావాల్సిన పనిని నేను చేసి పెడతానని క్లాసులో చెప్పడం మోసం. హామీ ఇచ్చే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: దీనికి ఎవరి సంతకం కావాలి? వార్డెన్ సంతకం కావాలంటే నామినేషన్‌కు ముందే పోయి వార్డెన్‌ను అడగండి. ఒప్పుకుంటే "వార్డెన్ గారిని అడిగాను, ఒప్పుకున్నారు" అన్నది మీ పరిచయంలో ఎవరూ కొట్టిపారెయ్యలేని మాట. ఒప్పుకోకపోతే హామీని మార్చుకోండి. అంటించనివ్వకపోతే 5వ తేదీ రాత్రి భోజనాల దగ్గర నిలబడి చదివి వినిపిస్తానని చెప్పండి.

హామీ తేలింది. ఇప్పుడు దాన్ని నాలుగు మాటల్లోకి దించాలి. ఈ విద్యకు తెలుగులో పెద్ద బడి 1966 విశాఖ ఉద్యమం. అమృతరావు నిరాహారదీక్ష, విద్యార్థుల ఊరేగింపులు, పోలీసు కాల్పులు, ప్రాణాలు పోవడం, అంతా ఆ ఏడాది జరిగింది. 1970లో పార్లమెంటులో ప్రకటన వచ్చింది, 1971లో శంకుస్థాపన అయింది. మళ్లీ 2021లో ఫ్యాక్టరీ అమ్ముతామని కేంద్రం అన్నప్పుడు, 1966లో పుట్టని పిల్లలు కూడా రోడ్డు మీదికి వచ్చి అదే మాట అరిచారు: విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు. ఆ మాటలో మన సీమ వాటా ఎంత అని అడిగేవాళ్లున్నారు, మేమూ అడిగేవాళ్లమే, అది ఇంకో సభలో మాట్లాడదాం. ఇప్పుడు ఆ మాటను విప్పి చూడండి. వి-శా-ఖ-ఉ-క్కు, అయిదు అక్షరాలు. ఆం-ధ్రు-ల-హ-క్కు, అయిదు అక్షరాలు. రెండు ముక్కలూ "క్కు" దగ్గర ఠక్కున ఆగుతాయి. మొదటి ముక్క ఒకడు అంటే రెండో ముక్క వెయ్యిమంది అందుకోవచ్చు. ఏం కావాలో మొదటి సగంలో, ఎందుకు కావాలో రెండో సగంలో. కడాన "హక్కు" తీసేసి "అభివృద్ధి" అని పెట్టి చూడండి, గొంతు ఎత్తలేరు.

మన పలమనేరు అమ్మాయి ఏమని రాసుకోవాలి? స్నేహితులు మొదట రాసిచ్చేది "పారదర్శక పాలన కోసం" అని ఉంటుంది. చార్టు మీద పట్టదు, అరిస్తే నాలుక తిరగదు, పైగా మెస్సు ఎక్కడా కనపడదు. తర్వాత "మార్పు కోసం ఒక అడుగు". ఇది ఎదుటివాడు కూడా వాడుకోవచ్చు, పోటీలో ఉన్నవాళ్లందరూ వాడుకోవచ్చు. అందరికీ సరిపోయే చొక్కా ఎవరికీ సొంతం కాదు. ఇట్లా కొట్టేసుకుంటూ పోయి చివరికి "మన కంచం - మన లెక్క" అన్న చోట ఆగుతుంది. నాలుగు అక్షరాలు, నాలుగు అక్షరాలు. కంచం అనగానే మెస్సు, లెక్క అనగానే ఆ తలుపు మీది కాగితం కళ్లముందుకొస్తాయి. "నా" కాదు, "మన". ఒక్క గుక్కలో చెప్పొచ్చు.

దీన్ని రెండు రకాలుగా పరీక్షించుకోవాలి. ఒకటి, రాత్రి భోజనం దగ్గర వేరే డిపార్ట్‌మెంటు పిల్లకు ఒక్కసారి చెప్పి ఊరుకోండి. పొద్దున పళ్లు తోముకునే చోట "రాత్రి ఏం చెప్పాను?" అని అడగండి. మాట మాటగా తిరిగి చెబితే అది నిలుస్తుంది. "అదేదో కంచం గురించి" అంటే ఇంకా చెక్కాలి. రెండోది, మీ హాస్టల్లో అందర్నీ ఆటపట్టించే మనిషి ఒకరు ఉంటారు కదా, వాళ్ల చేతికివ్వండి. దాన్ని ఎంత చెడగొట్టగలరో చెడగొట్టమనండి. "మన కంచం - ఖాళీ కంచం" అంటారు. ఫరవాలేదు, అది మెస్సు మీద జోకు, అభ్యర్థి మీద కాదు. అభ్యర్థి మీదికి తిరిగే మాటైతే అక్కడే వదిలెయ్యండి. నామినేషన్ అయ్యాక బయటివాళ్లు ఎట్లాగూ చేసే పనిని ముందు మన ఇంట్లోనే చేయించుకోవడం ఇది.

ఇప్పుడు పరిచయం. ఆ అమ్మాయి బోర్డు దగ్గర నిలబడింది. ఇట్లా చెప్పాలి:

"మా నాయన రోజూ డైరీకి పాలు పోస్తాడు. పూటపూటకూ ఎన్ని లీటర్లు, వెన్న శాతం ఎంత, రేటెంత అని చీటీ ఇస్తారు. రెండు ఆవులున్న మా నాయనకు రోజూ లెక్క చూపిస్తారు. రెండువందల మంది తినే మన మెస్సుకు లెక్క చూపించరు. నేను గెలిస్తే ప్రతి నెలా 5వ తేదీ లోపల మెస్ లెక్క తలుపు మీద ఉంటుంది. ఖర్చెంత, తిన్న రోజులెన్ని, మిగిలిన సరుకెంత, గెస్టులెంతమంది. వార్డెన్ మేడంను అడిగాను, సరే అన్నారు. మన కంచం - మన లెక్క. నా పేరు..."

అంతే. గడియారం పెట్టుకుని చదివితే ముప్పావు నిమిషానికి కాస్త అటూ ఇటూ. ఇందులో పోరాడతాను లేదు, అమూల్యమైన ఓటు లేదు. పేరు కడాన పెట్టాం, ఎందుకంటే బ్యాలెట్ మీద వెతకాల్సింది దాన్నే. ముందు చెప్పిన పేరు మిగతా మాటల కింద పడిపోతుంది. నాయన పాల చీటీ సంగతి జాలి కోసం చెప్పింది కాదని గమనించండి. "మాది పేద కుటుంబం" అని కళ్లు తుడుచుకునే అభ్యర్థులున్నారు, హాస్టల్లో అందరిదీ పేద కుటుంబమే, అందులో కొత్తేముంది? ఆ చీటీ హామీకి వేరు. ఈ అమ్మాయికి లెక్క అంటే ఎందుకింత పట్టింపో అది చెబుతుంది. మీ జీవితంలోంచి ఒక్క సంగతే ఎంచుకోండి, అది హామీని తాకాలి. తాకకపోతే ఎంత గొప్పదైనా పక్కన పెట్టండి.

బెంచీల్లోంచి ప్రశ్నలొస్తాయి. "ఎదుటి క్యాండిడేటు కూడా లెక్క చూపిస్తానంటోంది కదా?" అంటారు. "మంచిది. ఏ తేదీకి చూపిస్తుందో అడగండి" అని చెప్పి ఆగాలి. ఆమె ఇంటి విషయాలు, ఆమె ఎవరితో తిరుగుతుందన్నది మాట్లాడకూడదు. లింగ్డో రూల్సు కూడా విమర్శను విధానాలకూ, చేసిన పనికే పరిమితం చెయ్యమన్నాయి. రూలు లేకపోయినా అదే పద్ధతి. "పోయినేడాది సెక్రటరీ తిన్నాడా?" అని అడిగితే ఉచ్చులో పడొద్దు. చీటీ చూడకుండా తిన్నాడని ఎట్లా చెబుతాం? "లెక్క లేదు గనక తిన్నాడని చెప్పలేను, తినలేదనీ చెప్పలేను. అందుకే తలుపు మీద పెడతానంటున్నా" అనాలి. ఇంతకంటే మంచి ప్రచారం ఆ రోజు ఇంకేదీ ఉండదు. "మీదేం కులం?" అని వెనక బెంచీ నుంచి ఒకడు గొణుగుతాడు. దానికి లెక్చరు ఇవ్వొద్దు, కోప్పడొద్దు. నలుగురితో "మన కంచం" అనిపించి బయటికి రావాలి.

ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, దాచడం లేదు. మంచి మాట మీ గొంతులోంచి బయటికొచ్చాక మీది కాకుండా పోతుంది. గెలిచిన మొదటి నెలే వార్డెన్ సెలవులో పోతారు, స్టోరు రిజిస్టరు దొరకదు, 5వ తేదీ దాటి 9వ తేదీ వస్తుంది. తలుపు ఖాళీ. అప్పుడు ఆ రెండువందల మందే పళ్లేల మీద గరిటెలతో కొడుతూ "మన కంచం - ఏదీ లెక్క?" అంటారు. అక్షరాలు కూడా సరిగ్గా సరిపోతాయి చూడండి, నాలుగూ నాలుగూ. దీనికి సిద్ధం కాని మనిషి ఆ మాట పెట్టుకోకూడదు. సిద్ధపడ్డ మనిషి రిజిస్టరు దొరికినంత వరకు, రెండే అంకెలైనా సరే, 5వ తేదీకి అంటించి, మిగతా రెండూ ఎందుకు లేవో వాటి కిందే చేత్తో రాసి సంతకం పెట్టాలి.

ఇక మా మాటలు చాలు. ముందు వరసలో వాచీ ఉన్న తమ్ముడు టైము చూస్తాడు. నామినేషన్ వెయ్యాలనుకునేవాళ్లు ఒక్కొక్కరే లేచి రండి, ఒక్కొక్కరికి నలభై అయిదు సెకన్లు. "అమూల్యమైన" అన్న మాట వినపడితే అక్కడే ఆపేస్తాం.